కవితను పెన్సిల్‌తో చదవడం: స్టాంజా నుంచి సింబల్ దాకా

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పోయెం చివర ప్రశ్నలు చూస్తేనే టెన్షన్. స్టాంజా, రిఫ్రెయిన్, ఇమేజరీ, టోన్, సింబల్ అంటే ఏమిటో నిర్వచనాలు నోటికి వచ్చి ఉంటాయి. పరీక్షలో కొత్త కవిత ఇచ్చి ‘ఇందులో టోన్ ఏమిటి’ అని అడిగేసరికి మాత్రం పెన్ను ఆగిపోతుంది. నిర్వచనం పట్టుకుని కవితలోకి వెళ్లడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. అదే పనిని తిరగేసి చేస్తే సులువు. కవితలో ఒక ముక్కను తీసేసో, మార్చేసో చూడాలి. అప్పుడు ఏం పోయిందో, దాని పేరే మనకు కావలసిన పదం. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క పద్ధతి మీదే నడుస్తుంది.

దీనికి పెద్ద కవులను ఇబ్బంది పెట్టకుండా నేనే ఒక చిన్న కవిత రాశాను. జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉండటం మన వైపు పిల్లలందరూ చూసిందే. మాట్లాడేది ఒక రైతు బిడ్డ.

లైను

పొద్దున్నే కాయ కోసి, ట్రాలీకి ఎత్తి
తువ్వాలు తలకు చుట్టినాడు నాయన.
గేటు ముందర బండ్లు, బండ్ల వెనక బండ్లు.
లైను కదల్లేదు నాయనా.

నడినెత్తిన ఎండ. ఇనుప ట్రాలీ చేతిని కాల్చింది.
మామిడి సొన వాసనలో డీజిల్ వాసన కలిసింది.
తువ్వాలు విప్పి పైవరస కాయలకు కప్పినాడు.
లైను కదల్లేదు నాయనా.

రెండో రాత్రి. అడుగు కాయ మెత్తబడి వేలికి అంటింది.
చెవి దగ్గర దోమ, దూరంగా మిషన్ల రొద.
ట్రాలీ కింద తువ్వాలు పరిచి, కండ్లు తెరిచే పడుకున్నాడు.
లైను కదల్లేదు నాయనా.

తెల్లారి ముందు బండి హారన్ కొట్టింది.
తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.
సగం కాయకు రేటు, సగం కాయకు దండం.
లైను కదిలింది నాయనా.

దీన్ని ఒకసారి పైకి చదవండి, గొంతెత్తే చదవండి. కండ్లతో చదివితే మళ్లీ మళ్లీ వచ్చే పంక్తిని మనసు దాటేస్తుంది, అక్కడే సగం విషయం పోతుంది. రెండోసారి పెన్సిల్ తీసుకోండి.

మొదటి అడుగు: ఖాళీలు చూడండి (స్టాంజా)

ఖాళీ గీత దగ్గర కవిత ఆగుతుంది. రెండు ఖాళీల మధ్య ఉన్న పంక్తుల గుంపు స్టాంజా. పాటలో దాన్ని చరణం అంటాం. పై కవితలో నాలుగు స్టాంజాలు, ఒక్కోదానిలో నాలుగు పంక్తులు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు, దీనికి మార్కులు కూడా పెద్దగా రావు. అసలు ప్రశ్న కవి అక్కడే ఎందుకు ఆపాడు అన్నది.

ఖాళీలన్నీ తీసేసి పదహారు పంక్తులూ కలిపి చదివి చూడండి. కథ అర్థమవుతుంది గానీ, ఒకటి పోతుంది. ఒక్కో స్టాంజా ఒక్కో వేళ: పొద్దున, మధ్యాహ్నం, రెండో రాత్రి, తెల్లవారుజాము. రెండో స్టాంజా మొదటిరోజు మధ్యాహ్నం. మూడోది ఏకంగా రెండో రాత్రి. ఆ మధ్యలో ఒక రాత్రి, ఇంకో పగలు గడిచిపోయాయి, వాటి గురించి ఒక్క మాట కూడా లేదు. ఆ కాలమంతా ఖాళీ గీతలోనే ఉంది. చెప్పడానికి కొత్తగా ఏమీ జరగలేదు కాబట్టి దాని గురించి ఏమీ రాయలేదు.

కాబట్టి పెన్సిల్‌తో చేయాల్సింది ఇది: ప్రతి స్టాంజా పక్కన రెండు మూడు మాటల్లో అందులో మారింది ఏమిటో రాసుకోండి. వేళ మారిందా, చోటు మారిందా, మాట్లాడే మనిషి మారాడా? ఏమీ మారకపోతే ఆ కవికి ఆ ఖాళీ చూపుకు అందంగా ఉండటానికే అనుకుని ముందుకు పోండి. అలాంటి కవితలూ ఉంటాయి.

రెండో అడుగు: తిరిగి వచ్చే పంక్తి కింద గీత గీయండి (రిఫ్రెయిన్)

స్టాంజా చివరో మొదటో, ఒకే పంక్తి మళ్లీ మళ్లీ వస్తుంటే అది రిఫ్రెయిన్. తిరుపతి పిల్లలకు దీన్ని ప్రత్యేకంగా నేర్పాల్సిన పని లేదు. రోజూ చెవిన పడే అన్నమయ్య కీర్తనల్లో పల్లవి చేసేది ఇదే. ‘బ్రహ్మమొకటే పరబ్రహ్మమొకటే’ అని పల్లవి, తర్వాత చరణం, మళ్లీ పల్లవి. చరణం ప్రతిసారీ కొత్త ఉదాహరణ తెస్తుంది, పల్లవి దాన్ని మళ్లీ అదే మాట దగ్గరికి లాక్కొస్తుంది.

ఇక్కడ పిల్లలు ఎక్కువగా పొరపడేది శతక పద్యాల మకుటం దగ్గర. ధూర్జటి పద్యాల చివర ‘శ్రీకాళహస్తీశ్వరా’ అని వస్తుంది, వేమన పద్యాల చివర ‘విశ్వదాభిరామ వినురవేమ’ అని వస్తుంది. తిరిగి వస్తోంది కదా, ఇదీ రిఫ్రెయినే అని రాసేస్తారు. తేడా ఉంది. శతకంలో ఒక్కో పద్యం తనంతట తాను పూర్తి. ఒక పద్యం చదివి ఆపేసినా లోటు లేదు. మకుటం ఆ పద్యాలన్నిటి మీదా ఉన్న ముద్ర. రిఫ్రెయిన్ మాత్రం ఒకే కవిత లోపల, దాని ముక్కలను కలిపి పట్టుకుంటుంది. ఒక స్టాంజా తీసేస్తే కవిత కుంటుతుంది. ఏది ఏమిటో తెలియకపోతే ‘ఈ ముక్క ఒక్కటే చదివితే పూర్తయిందా’ అని అడగండి, తేలిపోతుంది.

మన కవితలో ‘లైను కదల్లేదు నాయనా’ అన్నది రిఫ్రెయిన్. మూడుసార్లు అదే, నాలుగోసారి ‘కదిలింది’. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

ఒకటి, అవే అక్షరాలు మూడుసార్లు వచ్చినా మూడుసార్లూ ఒకే అర్థం కాదు. పొద్దున అన్నప్పుడు అది ఉత్త సమాచారం: ఇంకా కదల్లేదు. మధ్యాహ్నం తువ్వాలు కాయలకు కప్పిన తర్వాత అన్నప్పుడు అందులో ‘నీ నెత్తి కాలుతోంది కదా’ అన్న బెంగ ఉంది. రెండో రాత్రి అన్నప్పుడు ఇక చెప్పడానికి వేరే మాట లేక అన్నట్టు ఉంటుంది. పంక్తి మారలేదు, దాని ముందున్న మూడు పంక్తులు మారాయి. రిఫ్రెయిన్ అర్థం ఎప్పుడూ పైనున్న పంక్తుల నుంచే వస్తుంది, అందుకే దాన్ని విడిగా తీసి వివరించకూడదు.

రెండోది, కదలని లైను చివరికి కదిలింది. రిఫ్రెయిన్‌లో ఒక్క మాట మారినా సరే, దాని చుట్టూ సున్నా చుట్టండి. కవి అంతసేపు అదే మాట చెప్పి ఒక్కసారి మార్చాడంటే, కవితలో అతి ముఖ్యమైన చోటు అదే. ఇక్కడ ఆ మార్పు సంతోషం కావాలి, కాలేదు. దాని పైపంక్తిలో సగం కాయ పోయింది మరి.

ఇంకొక చిన్న సంగతి. మొదటి స్టాంజాలో ‘చుట్టినాడు నాయన’ అని ఉంది, రిఫ్రెయిన్‌లో ‘నాయనా’ అని ఉంది. ఒకచోట మనకు చెబుతున్న బిడ్డ, ఇంకోచోట నాయనతోనే మాట్లాడుతోంది. ఒక్క దీర్ఘం. పరీక్షలో ఇలాంటిది పట్టుకుంటే పేపరు దిద్దే వాళ్లు ఒక క్షణం ఆగుతారు.

మూడో అడుగు: ఒంటికి తగిలే మాటలు ఏరండి (ఇమేజరీ)

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం. వీటిలో ఏదో ఒకదానికి తగిలేలా రాసిన మాటలు ఇమేజరీ. తెలుగు వాచకాల్లో పదచిత్రం, భావచిత్రం అని ఉంటుంది. చిత్రం అన్నారు కదా అని కంటికి కనిపించేవే ఏరి, వాసనలనూ చప్పుళ్లనూ వదిలేసే వాళ్లు ఎక్కువ.

ఇక్కడ మార్చి చూడటం చాలా బాగా పని చేస్తుంది. ‘ఇనుప ట్రాలీ చేతిని కాల్చింది’ అన్నదాన్ని ‘ఆ రోజు ఎండ చాలా తీవ్రంగా ఉంది’ అని మార్చండి. సమాచారం అంతే ఉంది, మన చెయ్యి మాత్రం వెనక్కి రాదు. ‘అడుగు కాయ మెత్తబడి వేలికి అంటింది’ అన్నదాన్ని ‘కాయలు పాడవడం మొదలైంది’ అనండి. రెండోది వార్త. మొదటిదాంట్లో ఎవరో ట్రాలీ అడుక్కి చెయ్యి పెట్టి తడిమి చూస్తున్నారు, ఆ చూడటంలో భయం ఉంది. భయం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

కవిత పక్కన ఐదు ఇంద్రియాల పేర్లు రాసి, పంక్తులను వాటికి కలపండి. మనకు వచ్చేది ఇది. చూపు: బండ్ల వెనక బండ్లు. స్పర్శ: కాలే ఇనుము, వేలికి అంటిన కాయ. వాసన: సొన, డీజిల్. చెవి: దోమ, మిషన్ల రొద, హారన్. రుచి: ఏమీ లేదు.

ఆ చివరి ఖాళీని వదలకండి. ఇది మామిడికాయల కవిత, ఇందులో ఒక్కరు కూడా ఒక్క ముక్క కొరకలేదు. ఈ ఇంట్లో ఆ కాయ తినే వస్తువు కాదు, అమ్ముడుపోవాల్సిన సరుకు. పట్టికలో నిండిన గళ్లే కాదు, ఖాళీగా మిగిలిన గడి కూడా జవాబులో రాయదగ్గదే. అయితే ప్రతి కవితలోనూ ఖాళీ గడికి అర్థం ఉంటుందని బలవంతంగా లాగకూడదు. వానను గురించిన కవితలో రుచి లేకపోతే అది విశేషం కాదు. ఉండాల్సిన చోట లేకపోతేనే విశేషం.

ఇంకొక గందరగోళం: ‘లాగా’, ‘వలె’ ఉంటేనే ఇమేజరీ అనుకోవడం. ‘లాగా’ ఉంటే అది ఉపమ. ఉపమ ఇమేజరీని ఇవ్వొచ్చు, కానీ ఉపమ లేకుండానే ఇమేజరీ ఉంటుంది. పై కవిత మొత్తంలో ఒక్క ‘లాగా’ కూడా లేదు. అన్నమయ్య అదే కీర్తనలో ఏనుగు మీద కాసే ఎండా ఒకటే, కుక్క మీద పడే ఎండా ఒకటే అంటాడు. అక్కడ పోలిక మాట లేదు, రెండు జంతువుల వీపుల మీద ఒకే ఎండ కనబడుతుంది. ‘అందరూ సమానమే’ అని ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం ఆ ఎండ వల్లే తీరింది.

నాలుగో అడుగు: గొంతు ఎలా ఉందో వినండి (టోన్)

అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎక్కువ మార్కులు పోయేదీ ఇక్కడే. టోన్ అంటే మాట్లాడే మనిషికి తాను చెప్పే విషయం మీద ఉన్న ధోరణి. విషయం ఏమిటన్నది కాదు, దాన్ని ఏ గొంతుతో చెబుతున్నారన్నది.

వాన పడిందన్న ఒకే సంగతిని చూడండి. ‘వచ్చిందిరా అబ్బోడా వాన!’ అంటే సంబరం. ‘వచ్చింది లెండి వాన, పంట ఎండిపోయినాక’ అంటే ఎత్తిపొడుపు. ‘వాన వచ్చింది. తలుపు వేశాను.’ అంటే పట్టనట్టు. వాన ఒకటే, గొంతులు మూడు.

మన కవితకు పిల్లలు రాసే మొదటి జవాబు: ‘టోన్ బాధ, ఎందుకంటే రైతు నష్టపోయాడు.’ ఇది విషయాన్ని టోన్ అనుకోవడం. రైతు నష్టపోవడం జరిగిన సంగతి. చెప్పే బిడ్డ ఏడుస్తోందా? కవితలో పాపం, అయ్యో, కన్నీరు, అన్యాయం అన్న మాటలు ఎక్కడైనా ఉన్నాయా? వెతకండి, లేవు. ఒక్క ఆశ్చర్యార్థకం గుర్తు కూడా లేదు. వాక్యాలన్నీ పొట్టివి, చుక్క పెట్టి ఆగిపోయేవి.

ఇప్పుడు ఒక్క మాట మార్చుదాం. ‘సగం కాయకు దండం’ అన్నదాన్ని ‘సగం కాయ కుళ్లిపోయింది, అయ్యో’ అని మార్చండి. చదివితే గొంతు ఏడుపులోకి పోయింది. ‘సగం కాయను దోచుకున్నారు’ అనండి, కోపంలోకి పోయింది. అసలు పంక్తిలో ‘దండం’ ఉంది. మనం ఇక తిరిగిరాని దానికి, వదిలించుకోలేని దానికి ఒక దండం పెట్టి ఊరుకుంటాం. ఆ మాటలో అలసట ఉంది, కొంచెం వ్యంగ్యం ఉంది, ఇది ఏటా ఉండేదే అన్న అలవాటు ఉంది. రిఫ్రెయిన్‌లోని ‘నాయనా’లో ప్రేమ ఉంది. కాబట్టి టోన్‌ను ‘నాయన మీద ఆప్యాయత కలిసిన, అలసిపోయిన వ్యంగ్యం’ అనొచ్చు. ఒకే మాటలో చెప్పాలని పట్టుబట్టకండి. మంచి కవితలకు రెండు మాటలు కావాలి, చాలాసార్లు ఆ రెండూ కాస్త పోట్లాడుకుంటాయి కూడా.

చాలామందికి టోన్‌కు మాటలు దొరక్క ‘సంతోషం’, ‘బాధ’ దగ్గరే ఆగిపోతారు. నిష్ఠూరం, ఎత్తిపొడుపు, బెంగ, గర్వం, నిరాశ, ప్రాధేయపడటం, చనువు, ఉదాసీనత, హెచ్చరిక. ఇవన్నీ ఇంట్లో రోజూ వినే గొంతులే. అమ్మ ‘తినురా’ అన్న ఒక్క మాటను ఎన్ని రకాలుగా అంటుందో తెలిసిన పిల్లవాడికి టోన్ రాదని నేను నమ్మను.

టోన్‌తో పాటు మూడ్ అన్న మాట కూడా వస్తుంది. టోన్ చెప్పే మనిషిది, మూడ్ చదివే మనకు కలిగేది. ఈ కవిత టోన్‌లో ఏడుపు లేదు, చదివిన మనకు మాత్రం బాధ కలగొచ్చు. ‘బాధ’ అని రాసిన పిల్లలు పూర్తిగా తప్పు రాయలేదు, పక్క ప్రశ్నకు జవాబు రాశారు.

ఐదో అడుగు: ఒక వస్తువు వెంట నడవండి (సింబల్)

ప్రతీక, అంటే సింబల్, కవితలో నిజంగానే ఉన్న వస్తువై ఉండి, తనకన్నా పెద్ద అర్థాన్ని మోస్తుంది. ‘నిజంగానే ఉన్న వస్తువు’ అన్నది మరిచిపోతే ప్రతిదీ సింబల్ అయిపోతుంది. గేటు అంటే అణచివేత, దోమ అంటే దళారి, డీజిల్ అంటే పెట్టుబడి అని రాసిన జవాబులు చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తిరుపతిలో మేడ మీదికి ఎక్కితే కొండ కనబడుతుంది. ఇక్కడి కవితలో కొండ ఉందంటే అది ఒక్కోసారి ఉత్త కొండే.

ఎలా పట్టుకోవాలి? మళ్లీ మళ్లీ కనిపించే వస్తువును చూడండి. ఈ కవితలో తువ్వాలు నాలుగు స్టాంజాల్లోనూ ఉంది. ప్రతిచోటా దాని పని ఏమిటో రాసుకోండి. పొద్దున తలకు, మధ్యాహ్నం కాయలకు, రాత్రి నేల మీద, తెల్లారి భుజాన. వస్తువు అదే, చోటు మారుతోంది. తన తల కోసం తెచ్చుకున్న తువ్వాలును కాయల కోసం విప్పాడు. ఆయన ఓర్పు, కష్టం, తనకంటే కాయను ముందు చూసుకునే గుణం అన్నీ ఆ గుడ్డలోకి చేరాయి. చివర దులిపి భుజాన వేసుకున్నాడంటే, మళ్లీ మామూలు మనిషై ఇంటికి బయలుదేరినట్టు.

ఇప్పుడు మార్చి చూద్దాం. మొదట తలపాగా, తర్వాత టార్పాలిన్, తర్వాత చాప, చివర ఉత్త భుజం అని రాస్తే కథలో ఏ మార్పూ లేదు. కానీ నాలుగు స్టాంజాలను కలిపే దారం తెగిపోయింది. ఒక వస్తువును మార్చినా కథ చెడకుండా, అర్థం మాత్రం చెడితే అది సింబల్. గేటు బదులు తలుపు అన్నా, దోమ బదులు చీకటీగ అన్నా ఏమీ చెడదు, కాబట్టి అవి కావు.

‘లైను’ మాటేమిటి? శీర్షికలో ఉంది, రిఫ్రెయిన్‌లో నాలుగుసార్లు ఉంది. ట్రాక్టర్ల వరుస అన్న అసలు అర్థం ఎక్కడా పోలేదు, అయినా ఎవరి చేతుల్లోనో ఉన్న ఎదురుచూపు అన్న అర్థాన్నీ మోస్తోంది. అదీ సింబలే. ఒకే పంక్తి రిఫ్రెయిన్ కావొచ్చు, అందులోని మాట సింబల్ కావొచ్చు. ఒకదానికి ఒక్క పేరే ఉండాలని ఎక్కడా లేదు. తువ్వాలును ఒకరు ఓర్పు అంటారు, ఇంకొకరు తండ్రి రక్షణ అంటారు. పంక్తిని చూపించగలిగితే రెండూ నిలుస్తాయి. చూపించలేకపోతే ఎంత గొప్ప అర్థమైనా నిలవదు.

ఆరో అడుగు: జవాబు రాయడం

పేరు, పంక్తి, అది చేసిన పని. ప్రతి జవాబులో ఈ మూడూ ఉండాలి. ‘కవితలో ఇమేజరీ బాగుంది, కవి అద్భుతంగా వర్ణించారు’ అన్నదాంట్లో పేరు ఒక్కటే ఉంది, పొగడ్త ఉంది. పొగడ్తకు మార్కులు లేవు.

‘ఈ కవితలో రిఫ్రెయిన్‌ను కవి ఎలా వాడారు?’ అన్న ప్రశ్నకు ఇలా రాయొచ్చు: ‘లైను కదల్లేదు నాయనా అన్న పంక్తి మొదటి మూడు స్టాంజాల చివర వచ్చి, రెండు రోజుల ఎదురుచూపును మనకు వినిపిస్తుంది. పంక్తి మారకపోయినా, ఎండ, మెత్తబడిన కాయల తర్వాత అది వార్త నుంచి బెంగగా మారుతుంది. చివరి స్టాంజాలో కదిలింది అని మారినా, అప్పటికే సగం కాయ పోయింది కాబట్టి ఆ కదలిక ఊరట ఇవ్వదు.’ మూడే వాక్యాలు. మొదటిదాంట్లో పేరూ చోటూ, రెండోదాంట్లో పంక్తి చేసిన పని, మూడోదాంట్లో మార్పు.

పరీక్షలో టైము తక్కువ ఉంటే ఈ క్రమం కొంచెం మార్చుకోండి. రెండోసారి చదివేటప్పుడు తిరిగి వచ్చే పంక్తి, తిరిగి వచ్చే వస్తువు కింద మాత్రం గీతలు గీయండి. ఆ రెండూ దొరికితే రిఫ్రెయిన్‌కూ సింబల్‌కూ జవాబు దొరికినట్టే. టోన్ ప్రశ్నను చివరికి ఉంచుకోండి, చివరి స్టాంజాను మనసులోనే గొంతు పెట్టి ఇంకోసారి చదివి అప్పుడు రాయండి. టోన్ తిరిగే చోటు చాలా కవితల్లో అక్కడే ఉంటుంది.